ఉతికితే ఒక ఇంచు తగ్గుతుంది

మెయిలు వచ్చినప్పుడు నా నోట్లో సగం వడ ఉంది. మిగతా సగం శరత్ చేతిలో ఉంది. పెళ్లయిన కొత్తలో ఒక వడను ఇద్దరు తింటే రెండు వడల రుచి వస్తుందని మా సిద్ధాంతం. చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో, చీర కింద కట్టుకునే లంగాలు, అదే ఇన్‌స్కర్టులు అమ్మే మా కొట్టు వెనక, ప్యాకింగు బల్ల మీద కాళ్లాడిస్తూ కూర్చుని ఆ సిద్ధాంతాన్ని రోజూ నిరూపిస్తున్నాం.

"ప్రయోగం ముగిసింది. రెండో వివరణ గెలిచింది," అని ఫోన్ తెర మీద కనిపించింది.

నేను కేక వేశాను. వడ ముక్క గొంతుకు అడ్డం పడింది. శరత్ నా వీపు మీద చరుస్తూ, "ఏంది నీహా, ఎవురన్నా పోయినారా?" అన్నాడు.

"పోలేదు, గెలిచాను! చూడు!"

చూశాడు. ఏమీ అర్థం కాలేదు కానీ నన్ను బల్ల మీంచి ఎత్తి గిరగిరా తిప్పాడు. గులాబీ రంగు కట్ట ఒకటి కిందపడింది. అర్థం కాకుండానే సంతోషించే మొగుడు దొరకడం ఎంత అదృష్టమో నాకు పెళ్లయ్యాకే తెలిసింది.

తరువాత అర్థమయ్యేలా చెప్పాను. ఆన్‌లైన్ అంగడిలో మా మెరూన్ ఇన్‌స్కర్టు పేజీ ఒకటుంది. ఇన్ని వారాలూ ఆ పేజీ తెరిచిన వాళ్లలో సగం మందికి పాత వివరణ కనిపించింది, మిగతా సగం మందికి నేను రాసింది కనిపించింది. ఎవరికి ఏది కనిపించాలో ఆ అంగడే చీట్లు వేసినట్టు పంచింది. పాతది చదివిన వందమందిలో నలుగురు కొన్నారు. నాది చదివిన వందమందిలో దాదాపు ఆరుగురు.

"ఇద్దరేనా ఎక్కువ?" అన్నాడు శరత్.

"నలుగురికి ఇద్దరు ఎక్కువంటే సగం ఎక్కువ, నాయుడుగారూ!"

"అప్పిడియా! అంతనా!" అని మళ్లీ తిప్పాడు.

పాత వివరణ రాసింది ప్రేమ్‌నాథ్ అని ఒక ఏజెన్సీ ఆయన. ఈ వీధిలో చాలా కొట్లకు ఆన్‌లైన్ పేజీలు ఆయనే చూస్తాడు. "జీవితాంతం రంగు దిగదు. ఎన్ని ఉతుకులైనా కుదించుకుపోదు. ఏ ఎత్తుకైనా సరిపోతుంది. సన్నగా చూపిస్తుంది." ఇదీ ఆయన రాసింది. నేను కాపురానికి వచ్చిన వారంలో ఆ పేజీ చదివి, మన కొట్టు సరుకే కదా అని ధీమాగా మెరూన్ ఇన్‌స్కర్టునూ శరత్ తెల్ల పంచెనూ ఒకే బకెట్టులో నానబెట్టాను. పంచె గులాబీ రంగైంది. శరత్ దాన్ని కట్టుకునే మైలాపూరులో మా అమ్మావాళ్ల ఇంటికి విందుకు వచ్చాడు. ఎవరడిగినా "కొత్త ఫ్యాషన్" అని చెప్పాడు. మా నాన్న నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆరోజే నేను శరత్‌ను నిజంగా ప్రేమించడం మొదలుపెట్టానని అనుకుంటాను.

ఆ మరునాడు తిరిగి వచ్చిన సరుకు మూటలు విప్పి, ఎందుకు తిప్పి పంపారో చదివాను. అన్నీ రెండు మాటలే. పొట్టిదైంది, రంగు దిగింది. ఇక పేజీలో కొనబోయేవాళ్లు అడిగిన ప్రశ్నలు చూశాను. నా ఎత్తుకు ఎంత పొడుగు తీసుకోవాలి? నడుము ఎంతవరకు వస్తుంది? నడిస్తే కాళ్లకు అడ్డం పడుతుందా? వెలుతుర్లో కాళ్లు కనిపిస్తాయా? వీటిలో ఒక్కదానికీ "సన్నగా చూపిస్తుంది" జవాబు కాదు. జవాబు దొరకని మనిషి పేజీ మూసేసి పోతుంది. దొరికిన జవాబు అబద్ధమైతే కొని, తిట్టుకుని, తిప్పి పంపుతుంది.

అందుకే నేనిలా రాశాను. "కొత్తది ముప్పై తొమ్మిది ఇంచులు. ఉతికితే ఒక ఇంచు తగ్గుతుంది, అది లెక్క వేసే కుట్టాం. అయిదడుగుల మూడు అంగుళాల నుంచి అయిదడుగుల ఆరు వరకు ఎత్తున్నవారికి. నాడాతో నడుము ఇరవై ఎనిమిది నుంచి నలభై వరకు. మొదటి ఉతుకులో రంగు దిగుతుంది, విడిగా చన్నీళ్లలో ఉతకండి. పల్చటి నెట్ చీరల కింద అంచు మడత కనిపిస్తుంది. వాటికి ఇది వద్దు." ఫొటోల్లో ఒకటి టేపు పెట్టి కొలిచింది. ఇంకొకటి శరత్ గులాబీ పంచె. "విడిగా ఉతక్కపోతే ఇలా అవుతుంది" అని దాని కింద రాశాను.

"నా పంచెను దేశమంతా చూపించి గెలిచినావు," అన్నాడు శరత్ మిగిలిన వడ నాకే ఇచ్చేస్తూ.

పెదమామకు చెప్పాలని ముందు కొట్లోకి పరుగెత్తాను. పెదమామ అంటే మా మామగారి అన్న యతిరాజులు. కొట్టు ఆయనది, మాట ఆయనది. గల్లా దగ్గర ఆయనా, ఎదురు స్టూలు మీద ప్రేమ్‌నాథూ కూర్చుని ఉన్నారు. ప్రేమ్‌నాథ్‌కు కూడా అదే మెయిలు వెళ్లినట్టుంది, మొహం వెలిగిపోతోంది. నాకది కొంచెం వింతగా అనిపించింది.

"రామ్మా కోడలా!" అన్నాడు పెదమామ. "నువ్వు రాసింది గెలిచిందంట కదా. మీ అత్తతో చెప్పి పాయసం పెట్టిస్తా. కూచో, కూచో."

"కండిప్పా, తప్పకుండా గెలిచింది సార్," అన్నాడు ప్రేమ్‌నాథ్. "మేడమ్ రాసింది సూపర్. ఇప్పుడు దాని మీద సుమ్మా, ఊరికే రెండు మాటలు పైన పెడితే రాకెట్ మాదిరి పోతాది. దీపావళి సేల్‌కు పేజీ వివరాలు రేపు సాయంత్రంలోగా ఖాయం చేయాల. ఆ తర్వాత సేల్ అయ్యేదాకా మార్చేదానికి లేదు."

"ఏ రెండు మాటలు?" అన్నాను.

"టైటిల్‌లో 'జీరో ష్రింక్', 'నంబర్ వన్'. అంతే మేడమ్."

నేను నవ్వాను, ఆయన హాస్యమాడుతున్నాడనుకుని. ఆయన నవ్వలేదు.

"కింద ఒక ఇంచు తగ్గుతుందని రాసి, పైన తగ్గదని రాస్తారా?"

"పైన చూసి కొంటారు మేడమ్. కింద దాకా ఎవురు చదవతారు?"

"చదివారు కాబట్టే కదా నాది గెలిచింది!"

పెదమామ చెయ్యెత్తాడు. "ఇద్దురూ అరవబాకండి, గిరాకీ వచ్చే టైము. అమ్మాయ్, సేల్ కోసరం కొత్త గుడ్డ తెప్పించినా. మేడ మీద గది నిండిపోయింది, చూసినావు కదా. అదంతా పోవాల. ఎదురు కొట్టోడు జీరో ష్రింక్ అని రాసినాడు. మనం తగ్గతాదని రాస్తే మనది మట్టం, వాడిది మేలు అనుకోరా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. ఎదురు కొట్టు పేజీ తెరిచి, ఒక్క నక్షత్రం ఇచ్చిన వాళ్లు రాసినవి గట్టిగా చదివాను. "ఒక్క ఉతుక్కే చీర కింద కాళ్లు కనిపిస్తున్నాయి." "జీరో ష్రింక్ అంట, మా చెల్లెలి కూతురికి సరిపోయింది." "డబ్బు దండగ." పెదమామకు రెండోది విని నవ్వొచ్చింది. మీసం కింద దాచుకున్నాడు.

"అదీ కాక 'నంబర్ వన్' అని టైటిల్‌లో పెడితే అంగడివాళ్లే ఒప్పుకోరు పెదమామా. పేజీని వెతుకులాటలో కనిపించకుండా దాచేస్తారు. సేల్ మధ్యలో పేజీ మాయమైతే మేడ మీద గుడ్డంతా ఏం చేస్తాం?"

"సరి, నంబర్ వన్ వద్దు," అన్నాడు ప్రేమ్‌నాథ్ వెంటనే. ఒకటి వదిలి ఇంకొకటి నిలుపుకునే బేరగాడు ఆయన. "జీరో ష్రింక్ ఒకటి చాలు. నేను పెట్టేసినా కూడా."

"పెట్టేశారా? ఎప్పుడు?"

"ఇందాక. మీరు లోపల కేకేసినప్పుడు."

ఫోన్‌లో మా పేజీ తెరిచాను. నా వాక్యాల నెత్తిన, పెద్ద అక్షరాల్లో జీరో ష్రింక్. కొత్త చీర కట్టుకుని గుమ్మం దాటుతుంటే ఎవరో బురద చల్లినట్టు అనిపించింది. నా పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు. ఉన్నది పెదమామ పేరు, మా కొట్టు పేరు. అయినా ఆ వాక్యాలు నావి. వాటిని నమ్మి కొన్నవాళ్లు నన్ను నమ్మారు.

వివరాలు మార్చే అనుమతి నాకూ ఉంది. అక్కడే నిలబడి, ఆ రెండు మాటలు తీసేసి, సేవ్ మీట నొక్కాను.

"తీసేశాను," అన్నాను.

శరత్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో వడల కాగితంతో.

"ఎవుర్ని అడిగి తీసినావు?" అన్నాడు పెదమామ. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకపోతేనే భయమని శరత్ ముందే చెప్పాడు.

"ఆయన ఎవర్ని అడిగి పెట్టారు?"

"నన్నడిగే పెట్టినాడు. నేనే పెట్టమన్నా."

ప్రేమ్‌నాథ్‌తో పోట్లాడటం వేరు. ఈయనతో వేరు. ఈయన కాదంటే రేపటి నుంచి నేను ఆ పేజీ ముట్టుకోను. పాయసం తాగి మేడ మీదికి పోవాలి. "కోడలు బాగా రాసింది" అని పెళ్లి ఆల్బమ్‌తో పాటు అదీ ఒక ముచ్చటగా మిగిలిపోతుంది. 'జీరో ష్రింక్' నా మాటల మీద కూర్చుని దేశమంతా తిరుగుతుంది.

"పెదనాయనా," అని శరత్ ముందుకొచ్చాడు. "ఆమె చెప్పేదాంట్లో..."

"నువ్వుండరా. గులాబీ పంచె కట్టుకున్నోడివి."

"మీరుండండి," అన్నాను నేను కూడా శరత్‌తో. పెద్దల ముందు అతన్ని మీరు అంటాను. మామూలుగా ఆ మాట వింటే ఇద్దరికీ నవ్వొస్తుంది. ఇప్పుడు రాలేదు. "పెదమామా, సరే. జీరో ష్రింక్ అని మీరే పెట్టమన్నారు. అయితే ఆ మాట పేజీలోనే ఎందుకు, ఇక్కడ కూడా చెప్పండి. ఇప్పుడొచ్చే మొదటి గిరాకీతో మీ నోటితో చెప్పండి, ఉతికినా తగ్గదని. చెప్పి అమ్మండి. అప్పుడు నేనే నా చేత్తో టైటిల్‌లో పెడతాను. మళ్లీ నోరెత్తను."

"అంతేనా?"

"అంతే."

"ఓస్," అన్నాడు ఆయన.

ప్రేమ్‌నాథ్ స్టూలు పక్కకు జరుపుకున్నాడు, సినిమాకు వచ్చినట్టు. నేను ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాను. పందెం కాశానే గాని ఆయన అలవోకగా చెప్పేస్తే ఏం చేయాలో నాకు తెలీదు. ముప్పై ఏళ్లుగా ఆయన అమ్మేది మాటతోనే.

వచ్చింది తంగమ్మ. తొండియార్‌పేట నుంచి ఏటా రెండుసార్లు వస్తుందని తరువాత తెలిసింది. చేతిసంచిలో చీర, భుజం మీద చెమట, నోట్లో ఆకు వక్క.

"ఏం నాయుడూ, మెరూన్ ఉందా? తమ్ముడి కూతురు పెళ్లికి కట్టాల."

"ఉండాది తంగమ్మా." ఆయన కట్టలోంచి ఒకటి లాగి, గాల్లో ఒక్కసారి విదిలించి బల్ల మీద పరిచాడు. ఆ విదిలింపు ఎంత అందంగా ఉంటుందంటే నేను రోజూ దానికోసమే ముందు గదిలోకి వస్తాను. "పూరా కాటన్. చెయ్యి పెట్టి చూడు."

"ఎంత పొడుగు తీసుకోవాల?"

పెదమామ నా వైపు చూశాడు. ప్రేమ్‌నాథ్ తల ఊపాడు.

"ముప్పై ఎనిమిది చాలు నీకు. ఇది... ఉతికినా తగ్గదు."

చెప్పేశాడు.

తంగమ్మ ఆకు నమలడం ఆపింది. "తగ్గదా? పోయిన పొంగలప్పుడు తగ్గతాది, ఒక ఇంచు పొడుగుదే తీసుకో అని తన్నులాడితివే నాతో!"

"ఇది కొత్త గుడ్డ."

"అట్నా! మంచిదే అయితే," అని ఆమె ఇంకేమీ అడగలేదు. ముప్పై ఎనిమిది సంచిలో పెట్టుకుంది. "నువ్వు చెప్తే సరి" అంటూ మెట్లు దిగింది.

ప్రేమ్‌నాథ్ తొడ చరుచుకున్నాడు. "చూసినారా మేడమ్? గిరాకీ సంతోషంగా పోయింది!"

పెదమామ బల్ల మీద మిగిలిన బట్టను మడవబోయాడు. మడత సరిగా రాలేదు. విప్పి మళ్లీ మడిచాడు. మళ్లీ రాలేదు. ఒక్కసారిగా దాన్ని బల్ల మీద పడేసి, గల్లా తెరిచి ఉండగానే వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి దిగాడు.

"తంగమ్మా! ఓ తంగమ్మా! ఆగు!"

ఆమె ఆటో బేరమాడుతోంది. ఆయన వెళ్లి సంచిలోంచి బట్ట లాక్కున్నంత పని చేశాడు. మాటలు మాకు వినపడలేదు గాని, ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని ఏదో తిట్టడం, ఆయన తల గోక్కోవడం కనిపించాయి. ఇద్దరూ వెనక్కి వచ్చారు. ముప్పై తొమ్మిది తీసిచ్చాడు.

"ఇంతకుముందు ఎందుకట్లా చెప్పినావు?" అంది తంగమ్మ. "వొళ్లు బాగలేదా? ఎండకు తిరగబాక. పెళ్లిలో చీర కింద నా కాళ్లు చూసి సంబంధాలోళ్లు నవ్వితే నీ కొట్టుకొచ్చి తగలబెట్టేదాన్ని."

ఆమె ముప్పై తొమ్మిది సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

"సార్," అన్నాడు ప్రేమ్‌నాథ్ మెల్లిగా, "ఆన్‌లైన్ వేరే సార్. ఆడ మొహాలు కనపడవు."

"అదే కదయ్యా నేను చెప్పేది," అన్నాడు పెదమామ, ఎప్పటినుంచో తానే చెబుతున్నట్టు. "తంగమ్మ ఆ సందు మొగన ఉండింది, పిలిచినా. గౌహతిలో కొనే ఆమెను యాడికని పరిగెత్తి పిలిచేది? ముందే రాసి పెట్టాల. ఆ మాట తీసేయ్."

"తీసే ఉంది పెదమామా," అన్నాను. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను, గుమ్మంలో శరత్ ఆపుకోలేదు.

"ఏందిరా ఇకిలింపు?" అని అతన్ని గదిమి, ఆయన నా వైపు తిరిగాడు. ముఖంలో ఓడిపోయిన జాడ లేదు. అసలు కోపం అప్పుడే మొదలైంది. "నువ్వు మాత్రం ఏం తెలిసి రాసినావు? ఒక ఇంచు తగ్గతాదని రాసినావు. అది పాత గుడ్డకు, ఈ కట్టల్లో ఉండేదానికి. మేడ మీద ఉండేది వేరే మిల్లుది. అది ఎంత తగ్గతాదో నాకే తెలీదు. ఇంచున్నర తగ్గితే? రెండించులు తగ్గితే? అప్పుడు వాడు రాసింది అబద్ధం, నువ్వు రాసింది నిజమా?"

నా నవ్వు పోయింది.

ఆయన చెప్పింది నిజం. పొద్దున్నుంచి గెలుపు మత్తులో నాకది తట్టనేలేదు. నా వాక్యం ఒక గుడ్డను కొలిచి రాసింది. సేల్‌లో అమ్మబోయేది ఇంకో గుడ్డ. కొలవకుండా రాసిన 'ఒక ఇంచు' కూడా జీరో ష్రింక్‌కు దూరపు చుట్టమే. గెలిచిన వాక్యమని దాన్నే అంటించి ఊరుకుంటే, పెదమామలా సందు మొగకు పరిగెత్తి దిద్దుకునే వీలు కూడా నాకుండదు.

ప్రేమ్‌నాథ్ ఇది బాగుందన్నట్టు చూశాడు. "ఒక ఇంచు అనే ఉంచేద్దాం మేడమ్. గెలిచింది కదా. రెండు అని రాస్తే మళ్లీ కిందికి పడిపోతాది."

"పడితే పడనివ్వండి," అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రెండు తగ్గితే రెండనే రాస్తాను. మూడైతే మూడు. గుడ్డ ఎంత తగ్గితే అంత రాసి, అంత పొడుగు కలిపి కుట్టిద్దాం. కుట్టించడానికి టైము లేదంటే ఎత్తుల పట్టిక మార్చి పొట్టివాళ్లకు అమ్ముదాం. ఎవరికి సరిపోతుందో వాళ్లకు చెప్పి అమ్మితే తిరిగి రాదు పెదమామా. మాట మారిస్తే గుడ్డ మారదు."

"సేల్‌లో అందరికన్నా వెనకబడితే?"

"వెనకబడితే నన్ను తిట్టండి, గుడ్డను కాదు. కానీ ఒక్కటి. నేను రాసిన దాని నెత్తిన ఇంకెవరూ ఒక్క అక్షరం పెట్టకూడదు. నన్నడగకుండా పెట్టకూడదు. మీరు కూడా."

అనేశాక భయం వేసింది. పెళ్లైన మూడో నెలలో పెదమామను "మీరు కూడా" అన్న కోడలు ఈ వీధిలో ఇంకెవరైనా ఉన్నారో లేదో.

ఆయన ఇందాక బల్ల మీద పడేసిన బట్టను తీసుకుని, ఒక్క విదిలింపుతో, ఒక్క మడతతో కట్టలో పెట్టాడు.

"మీ నాయన మైలాపూరులో పంతులు కదా? నీకీ పొగరు యాడిది?"

"అమ్మది," అన్నాను.

"సరి," అన్నాడు. "ఎట్ల కొలస్తావు చెప్పు."

శరత్ అప్పటికే లోపలికెళ్లి మేడ గది తాళం తెచ్చాడు. నేను వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ చెప్పాను.

"రేపు తెల్లారగానే మొదలుపెడతాం. కొత్త గుడ్డతో కుట్టిన నమూనాల్లో ప్రతి రంగువీ మూడేసి. ఉతకముందు నాడా అంచు నుంచి కింద కుట్టు దాకా టేపు పెట్టి కొలవాలి. ఏ రంగుకారంగు వేరే బకెట్టు, చన్నీళ్లు, ఇంట్లో వాడే సబ్బుపొడే. మేడ మీద ఆరేస్తాం. వాన వస్తే కింద ఫ్యాను కింద. పూర్తిగా ఆరాక మళ్లీ కొలుస్తాం. మూడింటిలో ఏది ఎక్కువ తగ్గితే ఆ అంకె వేస్తాం, తక్కువది కాదు. ప్రేమ్‌నాథ్ గారూ, మీరు మధ్యాహ్నానికి రండి. టేపు మీరే పట్టుకోండి. సాయంత్రంలోగా పేజీ నేను ఖాయం చేస్తాను. పెదమామా, మీరు ఏడింటికల్లా బకెట్లు సర్ది పెట్టండి."